ఖాళీ గళ్ళ లెక్క



2006 అక్టోబరు 2న అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఒక పోటీ ప్రకటించింది. అప్పటికి అది ఇంటర్నెట్‌లో సినిమాలు చూపించే సంస్థ కాదు. డీవీడీలను పోస్టులో ఇంటికి పంపేది, చూశాక పోస్టులోనే వెనక్కి తీసుకునేది. సినిమా ఎలా ఉందో చందాదారులు ఒకటి నుంచి ఐదు నక్షత్రాల దాకా మార్కులు వేసేవారు. ఆ మార్కులను బట్టి తర్వాత ఏ సినిమా చూస్తే బాగుంటుందో చెప్పడానికి సంస్థ దగ్గర సినీమ్యాచ్ అనే ప్రోగ్రాం ఉండేది. ఆ ప్రోగ్రాం చేసే తప్పును ఎవరైనా పదిశాతం తగ్గించి చూపిస్తే పది లక్షల డాలర్లు ఇస్తామన్నది ప్రకటన.

ప్రకటనతో పాటు సంస్థ తన ఖాతా పుస్తకంలోంచి ఒక పెద్ద భాగాన్ని పేర్లు తీసేసి అందరి ముందూ పెట్టింది. అందులో 4 లక్షల 80 వేల మంది ప్రేక్షకులు, 17,770 సినిమాలు, పది కోట్లకు పైగా మార్కులు ఉన్నాయి. ప్రేక్షకులను అడ్డ వరసల్లోనూ సినిమాలను నిలువు వరసల్లోనూ పేర్చి పట్టిక గీస్తే మొత్తం 853 కోట్ల గళ్ళు వస్తాయి. పది కోట్ల మార్కులూ అందులో సర్దితే నూటికి ఒక గడి మాత్రమే నిండుతుంది, మిగతావన్నీ ఖాళీ. గణితం చదివినవాళ్ళు ఈ పట్టికను మాత్రిక అంటారు. పోటీ అంతా ఖాళీ గళ్ళలో ఏ అంకె ఉండాలో ఊహించడమే.

ఊహ ఎంత దగ్గరగా వచ్చిందో కొలవడానికి సంస్థ ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి ఊహకూ అసలు మార్కుకూ ఉన్న తేడాను వర్గం చేసి, అన్నిటి సగటు తీసి, దాని వర్గమూలం చూస్తారు. వర్గం చేయడం వల్ల రెండు నక్షత్రాల తప్పుకు ఒక నక్షత్రం తప్పు కంటే నాలుగు రెట్లు శిక్ష పడుతుంది. ఒక సినిమాకు అందరూ వేసిన మార్కుల సగటునే ప్రతి ఒక్కరికీ ఊహగా చెబితే ఈ తప్పు 1.05 వస్తుంది. సినీమ్యాచ్ తప్పు 0.95. బహుమతి గీత 0.8572 దగ్గర గీశారు. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది. దాన్ని దాటడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది.

పోటీదారులకు సినిమా పేరు, విడుదలైన సంవత్సరం తప్ప మరేమీ ఇవ్వలేదు. కథ ఏమిటో, దర్శకుడెవరో, ప్రేక్షకుడు ఆడో మగో, వయసెంతో ఏదీ లేదు. ఉన్నవల్లా ఎవరు దేనికి ఏ రోజున ఎన్ని నక్షత్రాలు వేశారన్న లెక్కలే. అలాంటి లెక్కల్లోంచి మాత్రమే సిఫార్సులు తీసే పద్ధతికి కొలాబరేటివ్ ఫిల్టరింగ్ అని పేరు. ఒకప్పుడు మన ఊళ్ళలో వీడియో క్యాసెట్ల షాపు నడిపినవాళ్ళు చేతి అలవాటుతో చేసింది ఇదే. షాపాయన తన దగ్గరున్న సినిమాల్లో సగం కూడా చూసి ఉండడు. ఈ క్యాసెట్ తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చి దేన్ని అడుగుతున్నారో మాత్రం అతనికి కంఠతా వచ్చు.

ఈ పనిని కంప్యూటర్‌తో చేయించడం 1990లలోనే మొదలైంది. 1994లో గ్రూప్‌లెన్స్ పరిశోధకులు దూరదూరాన ఉన్న పాఠకుల మార్కులను పోల్చి, ఒకరి అభిరుచికి దగ్గరగా ఉన్నవాళ్ళ మాటకు ఎక్కువ బరువిచ్చి, చదవదగ్గ వ్యాసాలు ఎంచి పెట్టారు. అభిరుచిలో ఇరుగుపొరుగులను వెతకడం అన్నమాట. ఆలోచన సూటిగా ఉంటుంది, కానీ పట్టిక పలచబడేకొద్దీ కాలు జారుతుంది. లక్షల మందిలోంచి ఇద్దరిని తీస్తే వాళ్ళిద్దరూ చూసిన సినిమాలు రెండో మూడో ఉండవచ్చు. ఆ మూడింటికీ ఇద్దరూ నాలుగేసి నక్షత్రాలు వేసినంత మాత్రాన అభిరుచులు కలిశాయనడానికి లేదు. బహుశా ఆ మూడూ ఊరంతా మెచ్చిన సినిమాలే కావచ్చు.

2006 డిసెంబరులో సైమన్ ఫంక్ అనే కలంపేరుతో ఒకాయన పోటీ పట్టికలో పై వరసకు, మూడో స్థానానికి ఎగబాకాడు. పది లక్షల డాలర్ల పందెంలో ఉన్న మనిషి తన పద్ధతిని దాచుకోవాలి. ఆయన మాత్రం దాన్ని ప్రోగ్రాం పంక్తులతో సహా రాసి అందరికీ చూపించాడు. తర్వాతి పోటీదారులు దాదాపు అందరూ ఆ దారిలోనే నడిచారు. దానికి మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్ అని పేరు. తెలుగులో చెప్పాలంటే, పెద్ద మాత్రికను రెండు సన్నటి మాత్రికల లబ్ధంగా విడగొట్టడం.

ప్రతి ప్రేక్షకుడికీ నలభై అంకెలు, ప్రతి సినిమాకూ నలభై అంకెలు ఇస్తారు. ప్రేక్షకుడి మొదటి అంకెను సినిమా మొదటి అంకెతో, రెండోదాన్ని రెండోదానితో, అలా నలభయ్యో అంకె దాకా గుణించి కూడితే వచ్చేదే ఆ గడిలో ఉండాల్సిన మార్కు. 853 కోట్ల గళ్ళ పట్టిక ఇలా రెండు కోట్ల అంకెల్లోకి ఒదుగుతుంది. కిటుకంతా ఈ ఇరుకులోనే ఉంది. ప్రతి గడినీ విడిగా గుర్తుపెట్టుకునే చోటు లేదు కాబట్టి, గళ్ళ మధ్య ఉమ్మడిగా ఉన్న పోలికలను పట్టుకోక తప్పదు.

ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో ఒక్క గడి తీసుకుని చూస్తే తేలిపోతుంది. మనకు తెలిసిన సినిమాతోనే చూద్దాం. రంగారావు అనే ప్రేక్షకుడు శంకరాభరణం చూశాడనుకుందాం. పట్టిక మొత్తం సగటు 3.6. ఈ సినిమాకు జనం సగటు కన్నా అర నక్షత్రం ఎక్కువ వేస్తారు, అంటే 4.1. రంగారావు మార్కులు వేయడంలో కొంచెం పిసినారి, ఎప్పుడూ 0.4 తక్కువే వేస్తాడు. అది తీసేస్తే 3.7. ఇంతవరకూ అభిరుచి ఊసు రాలేదు. సినిమా పేరుప్రతిష్ఠలు, మనిషి మార్కులు వేసే తీరు మాత్రమే లెక్కలోకి వచ్చాయి. పోటీలో అనుభవం గడించినవాళ్ళందరూ ఒప్పుకునే సంగతి ఏమిటంటే, ఈ రెండు సాదా సవరణలే చాలా దూరం తీసుకెళతాయి.

ఇప్పుడు అభిరుచి. నలభైకి బదులు రెండే అంకెలున్నాయనుకుందాం. రంగారావుకు 0.8, మైనస్ 0.5. సినిమాకు 0.9, మైనస్ 0.4. మొదటివి రెండూ గుణిస్తే 0.72, రెండోవి గుణిస్తే 0.20. రెండూ కలిపితే 0.92. దాన్ని 3.7కు చేరిస్తే ఊహ 4.62. రంగారావు వేసింది 4. అంటే ప్రోగ్రాం 0.62 ఎక్కువ చెప్పింది. అప్పుడది రంగారావు అంకెలనూ సినిమా అంకెలనూ తప్పు తగ్గే దిక్కుకు వీసమంత జరుపుతుంది. ఫంక్ ఎంచుకున్న అడుగు వెయ్యో వంతు. ఆ లెక్కన రంగారావు మొదటి అంకె 0.8 నుంచి 0.7994కు దిగుతుంది, అంతే. వెంటనే తర్వాతి మార్కుకు వెళ్ళిపోతుంది. పది కోట్ల మార్కులూ చూశాక మళ్ళీ మొదటికి వస్తుంది. అలా తిరిగి తిరిగి, మొదట చిన్న చిన్న విలువల దగ్గర మొదలైన అంకెలు మెల్లగా ఎవరికి వారుగా విడిపోతాయి. ఖాళీ గళ్ళను ఈ లెక్క అసలు ముట్టుకోదు, నిండిన గళ్ళ మీదే తిరుగుతుంది. అందుకే మామూలు కంప్యూటర్ మీద కూడా ఆ పని సాధ్యమైంది.

ఆ అంకెలకు అర్థాన్ని ఎవరూ ముందుగా చెప్పలేదు. తీరా చూస్తే కొన్నిటికి అర్థం వచ్చి కూర్చుంది. పోటీలో గెలిచిన జట్టులోని యెహుదా కోరెన్, రాబర్ట్ బెల్, క్రిస్ వొలిన్‌స్కీ 2009లో రాసిన వ్యాసంలో మొదటి రెండు అంకెలను పటంగా గీసి చూపించారు. ఒక అక్షం మీద ఒక చివర కుర్రకారు హాస్యం, భయానక చిత్రాలు చేరాయి. రెండో చివర బలమైన స్త్రీ పాత్రలున్న గంభీరమైన సినిమాలు చేరాయి. రెండో అక్షం మీద ఆర్మగెడాన్ లాంటి భారీ చిత్రాలు ఒక కొసన, పంచ్ డ్రంక్ లవ్ లాంటి వింత చిత్రాలు ఇంకో కొసన నిలబడ్డాయి. ఒక్క ఫ్రేము కూడా చూడని ప్రోగ్రాం, నక్షత్రాల లెక్కలతోనే ఈ విభజన చేసింది. ఈ రంగంలో ఇంతకంటే అందమైన ఫలితం అరుదు. తర్వాతి అంకెల దగ్గరికొచ్చేసరికి ఏది దేన్ని సూచిస్తోందో మనిషికి అంతుపట్టదు. అయినా ఊహకు అవి పనికొస్తూనే ఉంటాయి.

ఇక్కడొక ప్రమాదం ఉంది. రెండు వేల సినిమాలు చూసినవాడికి నలభై అంకెలు సరిపోతాయి. మూడే చూసినవాడికి నలభై అంకెలంటే, మూడు సమీకరణాల్లో నలభై అవ్యక్త రాశులు. ఆ మూడు మార్కులూ అచ్చుగుద్దినట్టు వచ్చేలా అంకెలను ఎలాగైనా వంచవచ్చు. నాలుగో సినిమాకు మాత్రం ఊహ ఎటో పోతుంది. చూసిన మార్కుల మీద తప్పు తగ్గుతూనే ఉండి, పక్కన దాచిపెట్టిన మార్కుల మీద పెరగడం మొదలైతే ఈ జబ్బు పట్టిందని గుర్తు. స్వయంగా పరీక్షించుకోవడానికి నెట్‌ఫ్లిక్స్ 14 లక్షల మార్కులను విడిగా గుర్తుపెట్టి ఇచ్చింది. ఫంక్ వాడిన మందు సులువైనది. ప్రతి అడుగులోనూ ప్రతి అంకెనూ సున్నా వైపు కాస్త లాగుతాడు. గట్టి సాక్ష్యం ఉన్న అంకె ఆ లాగుడును తట్టుకుని నిలబడుతుంది. సాక్ష్యం లేనిది సున్నాకు దగ్గరగా పడి ఉంటుంది, హాని చేయదు.

సగటుల విషయంలోనూ ఆయనది అదే జాగ్రత్త. కొత్త సినిమాకు ఒక్కరు ఐదు నక్షత్రాలు వేస్తే దాని సగటు ఐదు అని రాసుకోకూడదు. అప్పటికే పాతిక మంది 3.6 వేసి ఉన్నట్టు ఊహించుకుని, ఆ ఐదును వాటితో కలిపి సగటు తీయాలి. వచ్చేది 3.65. అదే వెయ్యిమంది సగటున 4.5 వేస్తే లెక్క 4.48 దగ్గర తేలుతుంది. ఊహించుకున్న ఆ పాతిక మంది వెయ్యిమంది మధ్య కలిసిపోతారు. ఒక్కరి మాటను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు దొరకడం అరుదు.

మరి ఒక్క మార్కూ లేనప్పుడు? ఇప్పుడే చందా కట్టిన మనిషి వరస మొత్తం ఖాళీ. ఈ శుక్రవారం వచ్చిన సినిమా నిలువు వరస మొత్తం ఖాళీ. ప్రోగ్రాం తిరిగేది నిండిన గళ్ళ మీదే కాబట్టి వీళ్ళ అంకెలను అది ఎన్నడూ తాకదు. దీన్నే కోల్డ్ స్టార్ట్ సమస్య అంటారు. సినిమా గురించీ మనిషి గురించీ ఏమీ తెలియకుండానే పనిచేయడం ఈ పద్ధతి బలం, ఆ బలమే ఇక్కడ అడ్డం తిరిగింది. చెప్పుకోవాల్సిన విశేషం ఏమిటంటే, పది లక్షల డాలర్ల పోటీలో ఈ ప్రశ్న దాదాపుగా లేదు. పరీక్ష కోసం సంస్థ ప్రతి ప్రేక్షకుడి చివరి తొమ్మిదేసి మార్కులను పక్కకు తీసింది. అంతగా చూడనివాళ్ళకు ఇంకా తక్కువ. కొద్దిగా చూసినవాళ్ళకూ ఎక్కువ చూసినవాళ్ళకూ సమాన గౌరవం ఇచ్చిన మంచి ఏర్పాటే అది. కానీ పరీక్షలో కనిపించే ప్రతి మనిషికీ ముందు చరిత్ర ఉంది. అసలు చరిత్రే లేని మనిషికి ఏం చూపించాలో 0.8572 అనే గీత చెప్పదు.

కొత్త మనిషి విషయంలో దగ్గరి దారి అడగడమే. అడిగి తెలుసుకున్న నాలుగైదు మార్కులతో పట్టిక మొత్తాన్ని మళ్ళీ నేర్పాల్సిన పనిలేదు. సినిమాల అంకెలు అప్పటికే స్థిరపడి ఉంటాయి. వాటిని కదపకుండా ఈ ఒక్క మనిషి అంకెలనే లెక్కగడతారు. చిటికెలో అయిపోయే లెక్క అది. అసలు చిక్కు ఏ సినిమాల గురించి అడగాలన్నదే. మిన్నెసోటా విశ్వవిద్యాలయం నడిపే మూవీలెన్స్‌లో కొత్తగా చేరినవాళ్ళు ముందు పదిహేను సినిమాలకు మార్కులు వేయాల్సి వచ్చేది. అక్కడి పరిశోధకులు 2002లో ఈ ప్రశ్నను నేరుగా పరీక్షించారు. అందరూ చూసిన సినిమాలనే అడిగితే మనిషి గబగబా జవాబులిస్తాడు. కానీ అందరూ మెచ్చిన సినిమా ఇతనికీ నచ్చిందని తెలిస్తే మనకు కొత్తగా తెలిసిందేమీ లేదు. పోనీ జనాన్ని రెండుగా చీల్చిన సినిమాలనే ఏరి అడిగితే, అవి చాలావరకు ఎవరూ చూడనివై ఉంటాయి. పేజీలు తిప్పీ తిప్పీ మనిషి విసిగిపోతాడు. ప్రచారంలో ఉండటం, అభిప్రాయాలు చీలి ఉండటం, రెంటినీ గుణించి ఎంచితే మధ్యేమార్గం దొరికింది.

ఆ మార్గానికీ ఒక గండి ఉంది. నెపోలియన్ డైనమైట్ అని 2004లో వచ్చిన అమెరికన్ హాస్య చిత్రం. దాన్ని చూసినవాళ్ళు చాలామంది. చాలామంది ఐదు నక్షత్రాలు వేస్తే చాలామంది ఒకటి వేశారు. పై లెక్క ప్రకారం అడగడానికి ఇంతకంటే మంచి సినిమా ఉండదు. కానీ నెట్‌ఫ్లిక్స్ పోటీదారులను అది చివరిదాకా ఏడిపించింది, ఎందుకంటే ఆ సినిమా నచ్చినవాళ్ళ మిగతా మార్కులకూ నచ్చనివాళ్ళ మిగతా మార్కులకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. మిగతా మార్కులు చూసి దీని మార్కు చెప్పలేకపోతే, దీని మార్కు విని మిగతావీ చెప్పలేం. కొత్తవాళ్ళను అడగాల్సింది చీలిక ఉన్న సినిమాను కాదు, ఆ చీలిక పక్క సినిమాల్లోకి కూడా పాకిన సినిమాను. ఫ్యాక్టరైజేషన్ ఇచ్చిన అంకెల్లో ఆ సమాచారం ఉండనే ఉంది. అంకెలు పెద్దవిగా, సున్నాకు దూరంగా ఉన్న సినిమాలే మంచి ప్రశ్నలు.

కొత్త సినిమా సంగతి ఇంకా గట్టిది. సినిమాను అడగలేం. అందుకని ఇక్కడ మార్కుల లెక్కలే చాలన్న మొదటి నియమాన్ని సడలించి, దర్శకుడు, నటులు, భాష, కథ తీరు లాంటి వివరాలు తెచ్చుకుంటారు. పాత సినిమాల్లో ఏ వివరాలున్నవాటికి ఏ అంకెలు వచ్చాయో నేర్చుకుని, కొత్తదానికి తాత్కాలికంగా అలాంటి అంకెలే ఇస్తారు. మార్కులు పడేకొద్దీ ఆ తాత్కాలికపు బరువు తగ్గి అసలు సాక్ష్యం బరువు పెరుగుతుంది. ఇది చాలదు. ఆ సినిమాను కొంతమందికి కావాలని చూపించాలి కూడా. చూపించకపోతే మార్కులు రావు, మార్కులు రాకపోతే చూపించే వరసలోకి అది రాదు. బాగున్నా బయటపడని సినిమాల గుట్ట అలాగే పెరుగుతుంది. ఈ దుస్థితి మొత్తం తప్పు లెక్కలో కనిపించదు, ఎందుకంటే మార్కులే లేని సినిమా ఆ లెక్కలోకి రాదు. కనిపెట్టాలంటే సినిమాలను వాటికి వచ్చిన మార్కుల సంఖ్యను బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపుకు తప్పు విడిగా చూడాలి. ఏ గుంపును ఎంతమందికి చూపించారో కూడా లెక్కబెట్టాలి.

పోటీ 2009 జులై 26న ముగిసింది. బెల్‌కోర్స్ ప్రాగ్మాటిక్ కేయాస్, ది ఎన్‌సెంబుల్ అనే రెండు జట్లూ 0.8567 దగ్గరే తేలాయి. మొదటిది ఇరవై నిమిషాలు ముందు పంపింది కాబట్టి బహుమతి దానికి వెళ్ళింది. వందల ప్రోగ్రాంలను కలిపి కుట్టిన ఆ చివరి రూపాన్ని నెట్‌ఫ్లిక్స్ వాడుకోలేదు. మొదటి ఏడాది బహుమతి పొందిన పద్ధతుల్లోంచి రెండింటినే వాడుకలోకి తెచ్చామనీ, వాటిలో ఒకటి మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్ అనీ సంస్థ ఇంజనీర్లు 2012లో రాశారు. ఈలోగా వ్యాపారమే మారిపోయింది. 2007లో సినిమాలు నేరుగా తెర మీదికి రావడం మొదలయ్యాక, మనిషి మార్కు వేసినా వేయకపోయినా ఏది చూశాడో, ఎక్కడ ఆపేశాడో తెలిసిపోతోంది. ఇలాంటి పట్టికలో ఖాళీ గడిని వదిలేయడానికి లేదు, అయిష్టంగా చదవడానికీ లేదు. కోరెన్, వొలిన్‌స్కీ, యీఫాన్ హూ 2008లో టీవీ ప్రేక్షకుల లెక్కల మీద దీనికి దారి వేశారు. ఖాళీ గడిని కూడా లెక్కలోకి తీసుకుంటారు గానీ, దాని మీద నమ్మకాన్ని చాలా తక్కువగా పెడతారు. చూసిన గడి మీద, చూసిన సమయాన్ని బట్టి నమ్మకం పెంచుతారు.

2016 జనవరి 6న నెట్‌ఫ్లిక్స్ ఒకే రోజు 130 దేశాల్లో అడుగుపెట్టింది. వాటిలో మన దేశం ఒకటి. ఇక్కడి చందాదారులందరూ ఆ రోజు ఖాళీ వరసలే. అప్పటిదాకా ఒక్కో ప్రాంతానికి విడిగా లెక్క నేర్పుతూ వచ్చిన సంస్థ, ప్రపంచం మొత్తానికి ఒకే లెక్క నేర్పే వైపు మళ్ళింది. అప్పుడు ఖాళీ గడికి ఇంకో కారణం ముందుకొచ్చింది. ఒక సినిమా హక్కులు ఒక దేశంలో ఉండి ఇంకో దేశంలో ఉండకపోవచ్చు. విజయవాడ ప్రేక్షకుడి వరసలో ఒక సినిమా గడి ఖాళీగా ఉంటే అతను దాన్ని వద్దనుకున్నాడనలేం, ఆ సినిమా అతని తెర మీదికే వచ్చి ఉండకపోవచ్చు. ఆ తేడాను పట్టించుకోని లెక్క, ఒకే దేశంలో ఎన్నడూ పక్కపక్కన కనిపించని రెండు మంచి సినిమాలకు ఒకే అభిమానులు ఉండరని తీర్మానిస్తుంది. అందుకని ప్రతి గడి పక్కనా ఆ దేశంలో ఆ సినిమా ఎప్పటి నుంచి ఎప్పటిదాకా దొరికిందో కూడా రాసుకుని, దొరికిన రోజుల ఖాళీనే సాక్ష్యంగా తీసుకోవాల్సి ఉంటుంది.